వాటా వద్దన్నాను

ఇంటర్ నుంచి కలిసి తిరిగినవాడు. ఒక ఆదివారం ఇంటికొచ్చి, కాగితం పరిచి, "గానుగ నూనె షాపు పెడదాంరా, చెరి సగం" అన్నాడు. మొత్తం అంచనా 18 లక్షలు. చెరో 4 లక్షలు వేసుకుని, మిగతా 10 లక్షలు ఫర్మ్ పేరు మీద బ్యాంకు లోన్ తీసుకోవాలి. షాపులో వాడే కూర్చుంటాడు. నా ఉద్యోగం నేను చేసుకోవచ్చు, స్లీపింగ్ పార్ట్‌నర్‌గా సంతకం పెడితే చాలు.

నేను "చూద్దాంలే" అన్నాను. నేను చేసిన తప్పు అదే.

వాడు వెళ్ళాక లెక్క మళ్ళీ వేశాను. లీటరు పల్లీ నూనెకి వాడు రెండు కిలోల పల్లీలు పట్టుకున్నాడు. కిలో 130 చొప్పున 260 రూపాయలు. అమ్మకం 380, అంటే లీటరుకి 120 మిగులు. రోజుకి 30 లీటర్లు అమ్మితే నెలకి 900 లీటర్లు, లక్షా ఎనిమిది వేలు. అద్దె, పనివాడి జీతం, కరెంటు కలిపి 48 వేలు పోతే 60 వేలు, చెరో ముప్పై. సీసాల ఖర్చు, నూనె తీశాక మిగిలే పిండి అమ్మకంతో సరిపోతుందని రాశాడు.

మా వీధిలో గానుగ ఆడించే పెద్దాయన్ని అడిగాను. "కిలోకి నాలుగు వందల మిల్లీ వస్తే మంచి పల్లీ బాబూ" అన్నాడు. అంటే లీటరుకి రెండున్నర కిలోలు, 325 రూపాయలు. మిగులు 120 కాదు, 55. నెలకి 49,500. ఖర్చులు పోతే మిగిలేది పదిహేను వందలు. బ్యాంకు కిస్తీ ఇంకా కట్టనే లేదు. రోజంతా షాపులో కూర్చునే వాడికి జీతం అనే మాటే ఆ కాగితంలో లేదు.

నూనె లెక్క సరిచేసుకోవచ్చు, ధర పెంచుకోవచ్చు. నన్ను ఆపింది మాత్రం సంతకం. తెలిసిన ఆడిటర్ ఒకాయన విడమరిచి చెప్పారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఫర్మ్ అప్పుకి ప్రతి భాగస్వామీ మొత్తం బాకీకి బాధ్యుడే. షాపుకి వెళ్ళినా వెళ్ళకపోయినా అంతే. నేను పెట్టింది 4 లక్షలే కదా అంటే బ్యాంకు వినదు, పది లక్షలూ నన్నే అడగొచ్చు. తర్వాత తప్పుకున్నా, పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా, నన్ను భాగస్వామిగా ఎరిగిన బయటివాళ్ళ దృష్టిలో నేను భాగస్వామినే. బాధ్యత పెట్టిన డబ్బు వరకే ఉండే ఎల్ఎల్‌పీ పెట్టుకోవచ్చుగా అన్నాను. "పెట్టుకోండి, కానీ కొత్త షాపుకి అప్పిచ్చేటప్పుడు బ్యాంకు మీ ఇద్దరి సొంత గ్యారంటీ అడుగుతుంది, మళ్ళీ మొదటికే" అన్నారు. నాకు అప్పటికే ఇంటి లోన్ ఉంది.

ఇదంతా తెలిసి కూడా మూడు వారాలు నానబెట్టాను. ఈలోగా నా "చూద్దాం"ని వాడు సరే అనుకుని, షాపు ఓనర్‌కి 50 వేలు టోకెన్ ఇచ్చేశాడు. ఆ మాట విన్న రాత్రి నిద్రపట్టలేదు.

ఫోన్లో వద్దనుకుని వాడింటికే వెళ్ళాను. ముందు నూనె లెక్క చూపించబోయి ఆగాను. అది ముందు చెబితే, లెక్క సరిచేసుకొచ్చి మళ్ళీ అడుగుతాడు. అందుకే మొదటి మాటే "నేను ఇందులో వాటా తీసుకోవట్లేదురా. లెక్క మారినా తీసుకోను. అప్పుకి సంతకం పెట్టే స్థితిలో లేను" అన్నాను.

"నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. వస్తుందని తెలిసిన ప్రశ్నే, అయినా గొంతు పట్టేసింది. "నీమీద నమ్మకం ఉంది కాబట్టే చెబుతున్నా. రేపు కిస్తీ ఆగితే, నీకు ఫోన్ చేసిన ప్రతిసారీ డబ్బు గురించే అడుగుతాను. అది నాకు వద్దు" అన్నాను. కాసేపాగి "పోనీ రెండు లక్షలు అప్పుగా ఇవ్వు" అన్నాడు. దానికీ కాదన్నాను. టోకెన్‌లో మాత్రం సగం, 25 వేలు, నేను భరిస్తానన్నాను. నేను నాన్చడం వల్లే కదా వాడు కట్టింది. వద్దన్నాడు. మర్నాడు వాళ్ళావిడకి ఇచ్చొచ్చాను. అది మంచి పనో కాదో ఇప్పటికీ తెలీదు.

లెక్క కాగితం మాత్రం అక్కడే వదిలేసి వచ్చాను.

రెండు నెలలు ఫోన్ లేదు. వాళ్ళ అమ్మగారికి ఒంట్లో బాగోలేదని తెలిసి హాస్పిటల్‌కి వెళ్తే, "డ్యూటీ డాక్టర్ని అడిగిరా, డిశ్చార్జి ఎప్పుడో" అని ఎప్పట్లాగే పని చెప్పాడు. షాపు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఆ షాపు వదిలేసి, బావమరిదితో కలిసి ఇంటి కింద పోర్షన్లో ఒక్క గానుగతో మొదలుపెట్టాడు. లోన్ లేదు. లీటరు 440. నెలకి ఐదు లీటర్లు మేమే తెచ్చుకుంటాం. మొదటిసారి నేను ఐదొందల నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే తగ్గిస్తాడేమో అనుకున్నాను. తగ్గించలేదు. చిల్లర మూడు వందలు లెక్కగా చేతిలో పెట్టి, "పిండి కావాలంటే అది వేరే రేటు" అన్నాడు.