ఆర్కే బీచ్ ఫొటోలోకి కొంగల బారు: పని ఎంతవరకు వచ్చిందంటే

ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ వైపు తిరిగి, చలికాలం సాయంత్రం తీసిన ఫొటో ఇది. ఇసుకలో వల లాగుతున్న మనిషి ఉన్నాడు, వెనక కొండ ఉంది, పైనంతా బోసి ఆకాశం. అక్కడ తెల్లకొంగల బారు ఒకటి పెడదామని, ఫొటోలు మార్చే జింప్ సాఫ్ట్‌వేర్‌తో కూర్చున్నాను.

మొదట తేల్చుకోవలసింది కొంగ ఎంత ఉండాలన్నది. దీనికి ఫార్ములా అక్కర్లేదు, ఫొటోలోనే కొలబద్ద ఉంది. వల లాగే మనిషి నాకు సుమారు 50 మీటర్ల దూరంలో ఉన్నాడు, ఫొటోలో 300 పిక్సెళ్ల ఎత్తు వచ్చాడు. మనిషి 1.7 మీటర్లు అనుకుంటే, రెక్కలు చాచినప్పుడు 90 సెంటీమీటర్లుండే చిన్న తెల్లకొంగ అదే దూరంలో 160 పిక్సెళ్లు వస్తుంది. బారు 300 మీటర్ల దూరంలో పోతోందని అనుకున్నాను. అంటే ఆరు రెట్ల దూరం, కాబట్టి కొంగ 27 పిక్సెళ్లే. పెట్టి చూస్తే మరీ చిన్నవిగా అనిపించి పెంచాలని చెయ్యి లాగుతుంది. పెంచితే మాత్రం మనిషి బొమ్మలా కనిపిస్తాడు.

అసలు గుట్టు ఇక్కడుంది. సహజంగా ఉండాలని చాలామంది ఒక్కో పక్షినీ ఒక్కో సైజులో పెడతారు, ఒకటి పెద్దది, పక్కది అందులో సగం. సగం సైజు అంటే రెట్టింపు దూరం. 600 మీటర్ల దూరంలో ఉన్న కొంగ ఈ గుంపుది ఎలా అవుతుంది? బారు లోతు 20 మీటర్లు ఉందనుకున్నా, 300 మీటర్ల మీద సైజులో తేడా ఏడు శాతం లోపే. మన 27 పిక్సెళ్లలో అది రెండు పిక్సెళ్లు. అందుకే సైజు దాదాపు ఒకటే ఉంచి, తేడా అంతా రెక్కల్లో చూపించాను: ఒకదానికి పైకెత్తి, ఒకదానికి కిందికి దించి, ఒకదానికి అడ్డంగా చాచి. మా తమ్ముడు వెనకనుంచి చూసి, "అన్నయ్యా, ఆ రెండూ కవలలా?" అన్నాడు. నిజమే, ఒకే రెక్కల భంగిమ పక్కపక్కన పడింది. వాటిని విడదీసి దూరంగా పెట్టాను.

కొంగల ఫొటోలు ఎంచుకునేటప్పుడు కోణం కూడా చూడాలి. 40 మీటర్ల ఎత్తున, 300 మీటర్ల దూరంలో ఉన్న పక్షి మన కంటికి సుమారు ఎనిమిది డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు పక్కనుంచి చూసినట్టే. నెత్తిమీద ఎగిరేటప్పుడు తీసిన, పొట్ట కనిపించే కొంగ ఇక్కడ పనికిరాదు.

కొంగల మధ్య ఎడం విషయంలో సమానంగా చల్లడమే పెద్ద శత్రువు. ఏటవాలు గీత ఒకటి గీసుకుని, దాని వెంట ముందు నాలుగు దగ్గరదగ్గరగా, అంటే ఒకటి రెండు రెక్కల వెడల్పు ఎడంతో పెట్టాను. తర్వాత ఒక పెద్ద ఖాళీ, ఆ వెనక మళ్లీ మూడు నాలుగు, చివర ఒక వెనకబడ్డ కొంగ (ఇలాంటిది ప్రతి బారులోనూ ఉంటుంది కదా). ఫొటోను బాగా చిన్నది చేసి చూస్తే, బారు ఒక తెగిన గీతలా కనిపించాలి, పూసల దండలా కాదు.

బ్లర్‌కి ఆధారం షట్టర్ వేగం. ఈ ఫొటో 1/60 సెకనుది. కొంగ సెకనుకు సుమారు 10 మీటర్లు పోతుందనుకుంటే ఆ వ్యవధిలో 17 సెంటీమీటర్లు కదులుతుంది, మన సైజులో ఐదు పిక్సెళ్లు. అదే 1/500 అయితే ఒక పిక్సెల్ కూడా రాదు, బ్లర్ జోలికే పోనక్కర్లేదు. సైజు తగ్గించడం అయ్యాకే Linear Motion Blur తెరిచి, Length 5, Angle గీత ఏటవాలుకి సరిపడా ఇచ్చాను. అంతకుముందు Layer to Image Size నొక్కడం మంచిది. లేకపోతే పాత జింప్ వెర్షన్లలో కొంగ చుట్టూ లేయర్‌లో చోటు చాలక, మసక అంచు కత్తితో కోసినట్టు ఆగిపోతుంది.

రెక్కలకు ఇది చాలదు. రెక్క పైకొసనా కిందికొసనా ఒక్క క్షణం ఆగినట్టే ఉంటుంది, మధ్యలో దిగేటప్పుడే వేగం ఎక్కువ. అందుకని అడ్డంగా చాచిన రెక్కల కొసలను మాత్రమే సెలెక్ట్ చేసి, నిలువుగా ఇంకో మూడు పిక్సెళ్లు మసక చేశాను. పైకెత్తిన వాటిని ముట్టుకోలేదు.

వెలుగు కుడివైపు నుంచి, సూర్యుడు దిగే కొండల వైపు నుంచి వస్తోంది కాబట్టి కొంగల కుడి అంచు కొంచెం పసుపు చేశాను. తెలుపు అలల నురగకంటే మెరవకుండా తగ్గించాను. నాయిస్ అన్నిటికంటే ఆఖర్న వేశాను, ముందే వేస్తే బ్లర్ దాన్ని తుడిచేస్తుంది.

మిగిలిందల్లా తడి ఇసుక. బారు క్షితిజానికి సుమారు ఎనిమిది డిగ్రీల ఎత్తున ఉంది కనక దాని ప్రతిబింబం అంతే కిందికి, నాకు పన్నెండు మీటర్ల ముందున్న తడి ఇసుకలో పడాలి, ఆ చోటు ఫొటో అడుగున కనిపిస్తోంది కూడా. కానీ అక్కడ ఇసుక గరుకుగా ఉంది, 27 పిక్సెళ్ల కొంగ అందులో మరకలా కూడా నిలవదు. ఇప్పటికైతే పెట్టడం లేదు.