పోచంపల్లి వంద ఎకరాలు ఎవరి ఖాతాలో?

ఏప్రిల్ 18, నల్లగొండ. పొద్దున్నుంచే ఎండ మండిపోతోంది. 1951లో ఇదే తేదీన సర్వోదయ నాయకుడు వినోబా భావే పోచంపల్లి వచ్చారు. ఊరి హరిజనులు 80 ఎకరాలు అడిగారు, 40 తరి అంటే మాగాణి, 40 ఖుష్కి అంటే మెట్ట. ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఏటా ఈ రోజు రాగానే అదే వాదన మొదలవుతుంది: అది వినోబా మహిమా, కమ్యూనిస్టులు నడిపిన సంఘం భయమా?

సంఘం వైపు బలం తక్కువేం కాదు. 1946 జులైలో కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య చనిపోయిన నాటి నుంచి ఈ జిల్లాలో వెట్టి, గడీ, భూమి అన్నీ రచ్చకెక్కాయి. కానీ భయం ఒక్కటే కారణమైతే లెక్క కుదరదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, పారిపోయిన దొరలు చాలామంది తిరిగొచ్చి పంచిన భూములు మళ్లీ పట్టుకున్నారు. అంటే 1951 నాటికి భయం తగ్గుతోంది. తగ్గనిది అనిశ్చితి: 1949లో జాగీర్లు పోయాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. భూమి ఇక పాత పద్ధతిలో చేతిలో ఉండదని తెలిసినవాడికి ఇవ్వడం కొంత సులువు.

మరి వినోబా పాత్ర? ఒకే మనిషిని వేరే చోట పెట్టి చూడాలి. వార్ధా నుంచి హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లి దాకా ఆయన నడిచే వచ్చారు, దారిలో ఎవరూ భూదానం చేయలేదు. అయితే అప్పటికి ఆయనా అడగలేదు కదా, కాబట్టి ఈ పోలిక సగమే పనికొస్తుంది. రెండో పోలిక గట్టిది. తర్వాత బీహార్‌లో మన దగ్గర జరిగినంత సాయుధ పోరు లేకుండానే లక్షల ఎకరాలు దానంగా ప్రకటించారు. అక్కడ నాయకుడి బరువు కనిపిస్తుంది. కాకపోతే అందులో చాలా భాగం పంచడానికి పనికిరానిదో, వివాదాల్లో చిక్కుకున్నదో అయింది.

అందుకే ప్రశ్నను రెండుగా విడగొట్టడం మేలని నా అభిప్రాయం. భూమి ప్రశ్న ఎందుకు లేచిందంటే జవాబు జనం దగ్గర, చట్టం దగ్గర ఉంది. అది ‘దానం’ రూపంలో, ఆ సాయంత్రమే ఎందుకు వచ్చిందంటే ఆ మనిషి, ఆ సభ లేకుండా చెప్పలేం. రెండింటికీ ఒకే జవాబు వెతికితేనే వాదన తెగదు.

ఎవరి బలం ఎంత దూరం పోయిందో కాగితాలు చెబుతాయి. దానపత్రం మీద సంతకం పెట్టగానే భూమి చేతులు మారదు. ఊరి భూమి రికార్డైన పహాణీలో పేరు మారాలి, హద్దులు చూపాలి. తెలంగాణలో ఆ తొలి ఏళ్ల దానం ఏ ఊరిదైనా సర్వే నంబరు పట్టుకుని 1954-55 ఖాస్రా పహాణీ తీయాలి. పట్టాదారు పేరు, సాగు చేసేవాడి పేరు పక్కపక్కనే చదవాలి. దానం పొందినవాడు రెండో చోటే కనబడితే, దున్నకం దక్కినా హక్కు అప్పటికి చేతికి రానట్టే.