కొత్త జుట్టుకు మొదటి రంగు

చివరి కీమో డిసెంబరు నెలాఖరులో అయింది. రొమ్ము క్యాన్సర్‌కి మూడు వారాలకొకటి చొప్పున మొత్తం ఎనిమిది. మొదటి నాలుగూ నర్సమ్మలు ‘ఎర్ర మందు’ అనేది, తర్వాతి నాలుగూ ఇంకో రకం. మొదటిది ఎక్కించిన పదహారో రోజున దిండు మీద జుట్టు కనబడింది. నాలుగు రోజుల్లో తల ఖాళీ. ఆ సంగతి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను. నాకు ఎవరూ ముందుగా చెప్పనిది జుట్టు తిరిగొచ్చాక మొదలైంది.

ఫిబ్రవరిలో తల మీద చేయి పెడితే పసిపిల్లల తలలా మెత్తగా నూగు తగిలింది. ఎంత సంతోషించానో! మార్చికల్లా అది అంగుళం పెరిగింది. పెరిగిందంతా తెలుపే, పైగా ఉంగరాలు తిరిగి ఉంది. నాకు 47 ఏళ్లు. జబ్బుకి ముందు పదేళ్లుగా నెలకోసారి షాపులో దొరికే నల్ల హెన్నా పొడి నీళ్లలో కలిపి పెట్టుకునేదాన్ని, ఏనాడూ ఏమీ కాలేదు. మార్చి చివర్లో మా చెల్లెలి కూతురి పెళ్లి. చెల్లెలు ఫోన్ చేసి, “అక్కా, పెళ్లికి నువ్వు నువ్వులాగే ఉండాలి, రంగేసుకుని రా” అంది. అందులో తప్పేముంది అనిపించింది. పాత పొడే తెచ్చుకున్నాను. ప్యాకెట్ మీద ఆకులు, ఉసిరికాయలు, కుంకుడుకాయల బొమ్మలు. మూలికలే కదా అనుకున్నాను.

అయితే మా డాక్టరుగారు ఒక మాట అని ఉన్నారు. “కీమో అయిన ఆరు నెలల దాకా రసాయనపు రంగులు వద్దమ్మా. తర్వాతైనా ముందు చెవి వెనక పూసి రెండు రోజులు చూడండి.” మొదటి సగం వినలేదు. రెండో సగం విన్నాను, అదే నన్ను కాపాడింది. శుక్రవారం సాయంత్రం చిటికెడు పొడి తడిపి కుడి చెవి వెనక రూపాయి బిళ్లంత పూసి, అరగంటాగి కడిగేశాను. శనివారం ఏమీ లేదు. రంగు కలుపుదామా అని గిన్నె కూడా తీశాను. ఆ రాత్రి దురద మొదలైంది. ఆదివారం తెల్లారేసరికి రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా ఉబ్బి, ఆవగింజలంత నీటి పొక్కులు లేచాయి. అదే పొడి తలంతా పెట్టుకుని ఉంటే కనురెప్పలు మూసుకుపోయేలా ముఖం వాచేదని చర్మం డాక్టరుగారు తర్వాత చెప్పారు. పూత మందు రాస్తే తగ్గడానికి పది రోజులు పట్టింది.

ఆయన ఓపిగ్గా వివరించారు. గోరింటాకు ఎంతసేపు ఉంచినా జుట్టుని నల్లగా చేయదు. తెల్ల వెంట్రుకకి నారింజ, ఎరుపు మాత్రమే ఇస్తుంది. అరగంటలో నల్లబరిచే ‘హెన్నా’లో పీపీడీ అనే రసాయనం ఉన్నట్టే. పూర్తి పేరు పారా ఫినిలీన్ డయమీన్. దాని అణువు చాలా చిన్నది, వెంట్రుక లోపలికి దూరి అక్కడ ఆక్సీకరణ చెంది ముదురు రంగుగా మారుతుంది. చర్మానికి తగిలిన భాగాన్ని ఒంటి రోగనిరోధక శక్తి శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. పదేళ్లు ఏమీ కాలేదన్నది హామీ కాదట, ఎప్పుడైనా అలర్జీ మొదలవ్వచ్చు. ఒకసారి మొదలైతే మాత్రం జీవితాంతం ఉంటుంది. రంగు తగిలాక అది పైకి కనబడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టే చెవి వెనక పరీక్షకి 48 గంటలు ఆగమంటారు. మొదటి రోజే బాగుందనుకుని నేను గిన్నె తీసిన సంగతి చెబితే ఆయన తల పట్టుకున్నారు. పార్లర్లలో “అమ్మోనియా లేనిదండీ” అని చూపించే రంగుల్లో కూడా పీపీడీగానీ దాని దగ్గరి చుట్టంగానీ ఉండొచ్చు. అమ్మోనియా లేదంటే వాసన, మంట తక్కువని మాత్రమే అర్థం. చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పట్టీ చదవాల్సిందే.

పెళ్లికి తెల్ల ఉంగరాల జుట్టుతోనే వెళ్లాను. మల్లెపూలు పెట్టుకోవడానికి పిన్నులు నిలవలేదు, చెల్లెలు చెవి పక్కన సన్నటి దారంతో కట్టింది. ఫొటోల్లో బాగానే ఉన్నాను.

జూలై వచ్చేసరికి జుట్టు రెండున్నర అంగుళాలైంది. తల చర్మం మీద పొలుసులు, పొడిబారడం, మంట తగ్గాయి. క్యాన్సర్ డాక్టరుగారు, చర్మం డాక్టరుగారు ఇద్దరూ సరేనన్నాక ఈసారి అసలైన గోరింటాకు పొడి, నీలి ఆకు పొడి విడివిడిగా తెప్పించాను. రెండు ప్యాకెట్ల మీదా ఒక్కొక్క మొక్క పేరే ఉంది, ఇంకేమీ లేదు. ఒంట్లో జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లు గోరింటాకు కూడా పెట్టుకోకూడదు, రక్తకణాలు పగిలే ప్రమాదం ఉంటుంది. నా రక్తపరీక్షల్లో అది లేదని తెలుసు. అయినా రెంటినీ ఎడమ చెవి వెనక పూసి పూర్తిగా రెండు రోజులూ ఆగాను.

తర్వాత చేసింది నాకు చాలా ఉపయోగపడింది. మెడ దగ్గర జుట్టు సరిచేయించుకున్నప్పుడు రాలిన ముక్కల్ని కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను. వాటిని మూడు చిన్న కుచ్చులుగా దారంతో కట్టాను. ఒకదానికి ఉత్త గోరింటాకు, రెండోదానికి గోరింటాకు, నీలి సమానంగా, మూడోదానికి గోరింటాకు ఒక వంతు, నీలి రెండు వంతులు. గంటన్నర ఉంచి కడిగి, కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పెట్టాను. మొదటిది బంతిపువ్వు రంగు. రెండోది రాగి చెంబు రంగు. మూడోది కడగ్గానే ఆకుపచ్చగా కనబడితే గుండె జారింది. కానీ నీలి గాలి తగిలి ముదరాలి. రెండు రోజులకి అది కాఫీ గింజ రంగుకొచ్చింది.

నాకు పాత నలుపే కావాలనిపించింది, నిజమే. అలా కావాలంటే ముందు గోరింటాకు పెట్టి కడిగి, ఆ పైన ఉత్త నీలి పెట్టాలి. మా పార్లరమ్మాయి నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి కణతల దగ్గర జుట్టు విడదీసి చూపించింది. క్యాన్సర్ తిరగబెట్టకుండా టామోక్సిఫెన్ మాత్రలు వాడుతున్నాను, వాటివల్ల అక్కడ పలచగానే ఉంది. “అత్తయ్యా, కిందున్న చర్మం గోధుమ రంగు. దాని మీద నల్ల వెంట్రుకలుంటే మధ్యలో ఖాళీలన్నీ గీతల్లా కనిపిస్తాయి. గోధుమ రంగైతే చర్మంలో కలిసిపోతుంది” అంది. పలచటి జుట్టుకి రంగెంచేటప్పుడు దీనంత పనికొచ్చే మాట నేను ఇంకోటి వినలేదు. మూడో కుచ్చు రంగే ఖాయం చేసుకున్నాను.

ముందు రోజు రాత్రి మూడు చెంచాల గోరింటాకు పొడిని పాత వాయిలు చీర ముక్కలో వేసి గాజు గిన్నెలోకి జల్లించాను. ఇది తప్పకుండా చేయండి. గుడ్డలో మిగిలిన పుల్లలు, ఇసుక రేణువులు చూస్తే తెలుస్తుంది. ముద్ద కడిగేటప్పుడు కొత్త వెంట్రుకని పీకేవి అవే. నిమ్మరసం మానేసి గోరువెచ్చని నీళ్లతోనే నానబెట్టాను. పులుపు ఎక్కువైతే జుట్టు బిరుసెక్కుతుంది, నా తల చర్మానికి అది పడదు కూడా. ఇనప మూకుడు వాడలేదు. ఉదయం తలకి నూనె లేకుండా మెత్తటి షాంపూతో కడుక్కుని తువ్వాలుతో అద్దాను, రుద్దలేదు. తర్వాతే ఆరు చెంచాల నీలి పొడి వేరే గిన్నెలో గోరువెచ్చని నీళ్లతో కలిపి పది నిమిషాలు ఆగాను. గోరింటాకు రాత్రంతా నానాలి. నీలి అలా ఉంచితే దాని బలం పోతుంది, కలిపిన వెంటనే వాడాలి. పైన నీలి మెరుపు తేలగానే రెండూ కలిపేశాను. గట్టి ముద్దగా కాకుండా చిలికిన పెరుగంత పలచగా చేసుకున్నాను.

బ్రష్ వద్దనుకున్నాను. చేతి తొడుగులు వేసుకుని తడి జుట్టు మీద వేళ్లతోనే, రుద్దకుండా అద్దుతూ పోయాను. ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, పైన పాత తువ్వాలు చుట్టుకుని మధ్యాహ్నపు ఎండ పడే వరండాలో కూర్చున్నాను. కీమో తర్వాత తలకి త్వరగా చలేస్తుంది, తడి ముద్దతో మరీను. గంటన్నరకి తొట్టిలో నీళ్లు నింపి తల ముంచి వేళ్లతో కదిపాను. ఎక్కువ ముద్ద నీళ్లలోనే వదిలింది, మిగతాది కండిషనర్ రాస్తే జారిపోయింది. రెండు రోజులు షాంపూ ముట్టలేదు. రాలిన వెంట్రుకలు తొట్టి అడుగున లెక్కపెట్టాను. పదకొండు. అంతకుముందు ఉత్త తలస్నానానికీ అంతే రాలేవి.

మూడో రోజు పొద్దున చెల్లెలు వచ్చింది. దగ్గరికొచ్చి తల వంచమని, జుట్టులో వేళ్లు పెట్టి, “గట్టిపడిందే అక్కా” అంది. అది గోరింటాకు పూత వల్ల. వెంట్రుక మీద పొరలా పట్టి కాస్త లావుగా అనిపిస్తుంది. మొదళ్లు మళ్లీ తెల్లబడటానికి ఐదు వారాలు పట్టింది. అప్పట్నుంచి మొత్తం జుట్టుకి కాకుండా పెరిగిన మొదళ్లకే పెడుతున్నాను. ప్రతిసారీ తలంతా పెడితే చివర్లు నల్లబడి ఎండుతాయి.

ఒక విషయం మాత్రం ఆశించలేదు. నవంబరులో మొదళ్లకి పెట్టడానికి మా అమ్మాయి పాయలు విడదీస్తూ, మెడ వెనక ఆగింది. “అమ్మా, ఇక్కడ రంగు వేశావా?” అంది. వేయలేదు. రంగు తయారుచేసే కణాలు కీమో దెబ్బ తిని కొన్నాళ్లు ఊరుకుని, కొందరికి మళ్లీ మొదలవుతాయట. ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. ఇంకా రంగు తగలని మొదళ్లు అర అంగుళం మేర నల్లగా, ఉంగరాలు లేకుండా తిన్నగా ఉన్నాయి. కణతల దగ్గర ఇంకా తెలుపే. ఆ రోజు నుంచి మెడ దగ్గర ముద్ద పెట్టడం మానేశాను, మూడు చెంచాల గోరింటాకు రెండుకి తగ్గింది.