తోట కేబుల్ లెక్క: 82.7 మీటర్ల దగ్గర తవ్వితే ఏమీ దొరకలేదు

ఆదివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పదకొండున్నరకు గొయ్యి పూర్తి చేశాం. నల్లరేగడి నేల. పైన ఒక జానెడు మందాన రాయిలా గట్టిపడి ఉంది, దాని కింద జిగురు. రెండు అడుగుల లోతున కేబుల్ కనిపించింది. తడిగుడ్డతో బురద తుడిచి చూస్తే తొడుగు కొత్తదానిలా మెరుస్తోంది. గాటు లేదు, ఉబ్బు లేదు. అటు ఒక మీటరు, ఇటు ఒక మీటరు తవ్వి చూసినా అంతే. సాయానికి వచ్చిన పక్కచేను తమ్ముడు పార పక్కన పెట్టి, "అన్నా, మీటరు తప్పు చూపించిందేమో" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. కేబుల్ ఎక్కడ చెడిందో చెప్పే ఆ 82.7 అంకె కోసం నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను.

ఈ లాగ్ కొత్తగా చదివేవారికి రెండు మాటలు. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ దగ్గర, ప్రాణహిత ఒడ్డు వైపు. ఇంటి నుంచి తోట చివర షెడ్డు దాకా, నేను పాత రేడియోలు బాగుచేసుకునే చోటుకు, 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి ఆర్మర్డ్ కేబుల్, అంటే చుట్టూ ఇనుప తీగల కవచం ఉన్నది, పాతాను. జూన్‌లో మొదటి రెండు వానలకే, కరెంటు నేలలోకి కారితే సరఫరా ఆపేసే ఆర్.సి.సి.బి. పడిపోయింది. తరువాత మరి నిలవలేదు. ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మెగ్గర్ పెడితే నలుపు కోరు, ఎర్త్ కోరు 200 మెగా ఓమ్‌ల పైనే చూపించాయి. ఎరుపు కోరుకూ ఆర్మర్‌కూ మధ్య మాత్రం ముల్లు సున్నా మీదే కూర్చుంది.

మామూలు మల్టీమీటరుతో ఆ ఎరుపు కోరును కొలిస్తే ఒకసారి 5 కిలో ఓమ్‌లు, ప్రోబులు తిప్పి పెడితే 11, కాసేపాగితే మరొకటి. నీరు చేరిన ఫాల్టుకు ఇదే గుర్తు. మీటరును వోల్టులకు మార్చి, ఏ సరఫరా లేకుండా కోరుకూ ఆర్మర్‌కూ మధ్య పెట్టి చూశాను. 0.41 వోల్టులు! లోపల రాగి, పైన జింకు పూసిన ఇనుప తీగ, మధ్యలో ఉప్పునీరు. భూమిలో ఒక బ్యాటరీ తయారై కూర్చుంది. ఓమ్ మీటరు పంపే చిన్న వోల్టేజిని ఆ 0.41 ఒకవైపు పెంచుతుంది, రెండోవైపు తగ్గిస్తుంది. అందుకే ఆ అంకెలను నమ్మకూడదు.

ముందు ఫాల్టు దూరం కనిపెట్టే పాత పద్ధతి, మర్రే బ్రిడ్జ్ కట్టాను, కుదరలేదు. ఫాల్టు దారిలో ఏడు కిలో ఓమ్‌ల దాకా ఉంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు మిల్లీ ఆంపియర్లు కూడా రావు. ఒక మీటరు దూరానికి వచ్చే తేడా మిల్లీవోల్టులో వందో వంతు. నా మెకో మీటరు దాన్ని చూడలేదు. మీటరును తప్పుపట్టను. ఈ పనికి ఫ్లూక్ మీటరు కొనాలని చాలామంది అంటారు కానీ, పద్ధతి సరిగా ఎంచుకుంటే మెకో చాలు.

పద్ధతి తిరగేశాను. షెడ్డు దగ్గర ఎరుపు, నలుపు కోర్లను పొట్టి మందపాటి తీగతో కలిపి బిగించాను. ఇంటి దగ్గర ఆ రెండు కోర్ల మధ్య బెంచ్ సప్లై నుంచి కచ్చితంగా ఒక ఆంపియరు పంపాను. ఆర్మర్‌ను రెండు చివరలా ఎర్త్ నుంచి విడదీశాను. ఇప్పుడు కరెంటు మంచి రాగి గుండా మాత్రమే తిరుగుతుంది, ఫాల్టు గుండా పోదు. ఇంటి వైపు ఎరుపు కోరు చివరకూ ఆర్మర్‌కూ మధ్య వోల్టులు కొలిస్తే, ఫాల్టు ఉన్న చోటు దాకా పడిన వోల్టేజి కనిపిస్తుంది. ఫాల్టు నిరోధం ఏడు కిలో ఓమ్‌లైనా మీటరు నిరోధం పది మెగా ఓమ్‌లు కాబట్టి అది లెక్కలోకే రాదు. ఆ 0.41ను తీసేయడానికి కరెంటు దిశ మార్చి రెండుసార్లు కొలవాలి. నాకు ఒకవైపు 1.045, రెండోవైపు మైనస్ 0.225 వచ్చాయి. తేడాలో సగం 0.635 వోల్టులు. మొత్తం లూపు మీద 2.15 వోల్టులు. కేబుల్ 140 మీటర్లు కాబట్టి లూపు 280. 0.635ను 2.15తో భాగించి 280తో గుణిస్తే 82.7 మీటర్లు. రెండు కోర్లూ ఒకే నేలలో, ఒకే వేడిలో ఉన్నాయి కనుక ఉష్ణోగ్రత సవరణ అక్కరలేదు. మిల్లీవోల్టు తప్పితే పోయేది ఓ జానెడు లోపే.

ఇంత నికరమైన అంకె పట్టుకుని తవ్వితే ఖాళీ గొయ్యి.

మొదట కేబుల్ వంకరల మీద అనుమానం వచ్చింది. నేల మీద టేపుతో కొలిస్తే ఇంటి నుంచి షెడ్డుకు 134 మీటర్లే. కానీ కేబుల్ తొడుగు మీద మీటరుకొక అంకె అచ్చువేసి ఉంటుంది. ఇంటి చివర 212, షెడ్డు చివర 352. గొయ్యిలో తుడిచిన చోట 294 కనిపించింది. అంటే ఇంటి నుంచి 82 మీటర్లు, నా లెక్కకు ఒక మీటరు లోపే. చోటు సరైనదే. అక్కడ ఫాల్టు లేదు.

సోమవారం సాయంత్రం మళ్ళీ కొలిచాను. 67.2 మీటర్లు! మంగళవారం 79, బుధవారం 82కు పైన. గాటు ఒకచోట పడితే అది నడవదు కదా. ఆ రాత్రి నోటుపుస్తకంలో అంకెలు చూస్తూ కూర్చుంటే మా ఆవిడ వచ్చి తొంగిచూసి, "సోమవారం బట్టలు ఉతికాం, నీళ్ళన్నీ అరటి పాదుల్లోకే పోయాయి" అంది. అరటి పాదులు ఇంటికి దగ్గర, కేబుల్ వాటి పక్కనుంచే వెళ్తుంది. అప్పుడు తట్టింది, ఫాల్టు ఒకటి కాదు, రెండు. రెండు తడి చోట్లు ఉంటే మీటరు ఏ ఒక్కదాన్నీ చూపించదు. ఎక్కువ కారే చోటు వైపు మొగ్గుతూ, రెండింటి మధ్య ఎక్కడో ఒక చోటు చెబుతుంది. నేను తవ్వింది ఆ మధ్య చోటునే. ఉతికిన రోజు ఇంటి దగ్గరి చోటు ఎక్కువ తడిసి, అంకె ఇటు జరిగింది.

ఇది ఇబ్బందే, కానీ ఇందులోనే దారి కూడా ఉంది. మారింది ఒక్క చోటే అనుకుంటే ఆ చోటును లెక్కతో పట్టవచ్చు. దానికి దూరంతో పాటు మొత్తం కారుతున్న కరెంటు కూడా కావాలి. దాన్ని విడిగా కొలిచాను. షెడ్డు దగ్గరి ముడి విప్పి, ఎరుపు కోరుకూ ఆర్మర్‌కూ మధ్య 24 వోల్టులు పెట్టి, నిమిషం తరువాత మిల్లీ ఆంపియర్లు చూసి, దిశ మార్చి మళ్ళీ చూసి, సగటు తీశాను. నిమిషం మించి ఉంచవద్దు. కోరు ప్లస్ వైపు ఉంటే రాగి తినేస్తుంది, మైనస్ వైపు ఉంటే హైడ్రోజన్ బుడగలు పట్టి అంకె కదులుతుంది. ఎండిన రోజు 3.6 మిల్లీ ఆంపియర్లు, దూరం 82.7. తరువాతి ఉతుకు రోజు 6.0 మిల్లీ ఆంపియర్లు, దూరం మళ్ళీ 67.2.

```
d = (I2*d2 - I1*d1) / (I2 - I1)
  = (6.0*67.2 - 3.6*82.7) / (6.0 - 3.6)
  = 44.0
```

44 మీటర్లు, అంటే తొడుగు మీద 256. సరిగ్గా అరటి పాదుల పక్కన. కానీ ఈ లెక్కలో పొరపాటు పెరుగుతుంది. 67.2లో ఒక మీటరు తప్పితే జవాబు రెండున్నర మీటర్లు తప్పుతుంది. అందుకని చిన్న గొయ్యి కాకుండా మూడు మీటర్ల కాలువలా తవ్వాం.

257 అంకె దగ్గర దొరికింది. రెండేళ్ళ కిందట పిలకలు నాటినప్పుడు గడ్డపార తగిలిన గాటు, వేలి గోరంత. తొడుగు చీలి, ఆర్మర్ తీగలు రెండు తెగి, తుప్పు పొడిలా రాలుతోంది. కత్తితో లోపలి తొడుగు విప్పితే ఎరుపు ఇన్సులేషన్‌లో సూది మొనంత రంధ్రం, దాని చుట్టూ పచ్చటి చిలుము. సబ్బునీళ్ళలోని ఉప్పులు వాననీటికన్నా కరెంటును ఎక్కువ పోనిస్తాయి, రంధ్రం అంత చిన్నదైనా అంత కారడానికి అదే కారణమని నా అనుమానం. తొడుగు, ఆర్మర్ మధ్య తడి అటూ ఇటూ అడుగున్నర పాకింది. పైన తడి కనిపించిన చోటే కోరు చెడిందని అనుకోకూడదు, నీరు ఆర్మర్ వెంట చాలా దూరం నడుస్తుంది.

అక్కడ కోశాను. ఇంటి వైపు 45 మీటర్లకు మెగ్గర్ 200 మెగా ఓమ్‌ల పైన. షెడ్డు వైపు 95 మీటర్లలో 24 వోల్టులకు ఇంకా 2.4 మిల్లీ ఆంపియర్లు. కోసిన చోటు నుంచి అదే ఒక ఆంపియరు పరీక్ష చేస్తే 57 మీటర్లు వచ్చింది. అంటే ఇంటి నుంచి 102, తొడుగు మీద 314. సరిచూడటానికి వెనక్కి వెళ్ళాను. ఎండిన రోజు 3.6లో 2.4 ఇక్కడిదైతే మిగిలిన 1.2 అరటి పాదులది. 45 దగ్గర 1.2, 102 దగ్గర 2.4 పెట్టి సగటు కడితే 83.0. ఆ ఖాళీ గొయ్యి 82.7. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను.

ఈ రెండో చోటు వారమంతా 2.4 దగ్గరే ఉంది, కదలలేదు. అక్కడ అరటి లేదు, మురుగు లేదు. కేబుల్ వేపచెట్టు దగ్గర మలుపు తిరిగే చోటు అది, పక్క పత్తి చేను వాన నీరు నిలిచే పల్లం కూడా. నా ఊహ ఇది: ఎండాకాలం రేగడి నేల కేబుల్ లోతును దాటి బీటలు వారుతుంది, నేల ముడుచుకుంటూ మలుపు దగ్గర కేబుల్‌ను లాగుతుంది. జూన్ మొదటి వాన, ఆ బీటలు ఇంకా మూసుకోకముందే, నేరుగా కేబుల్ మీదికి దిగుతుంది. మొదటి రెండు వానలకే ఆర్.సి.సి.బి. పడిపోవడానికి ఇది సరిపోతుంది. వేరు ఒత్తిడి కూడా కావచ్చు. తవ్వాకే తెలుస్తుంది.

257 దగ్గర అతుకు వేయడానికి రెసిన్ పోసే కిట్టు కావాలి. హీట్ ష్రింక్ గొట్టాలు చూడటానికి బాగుంటాయి కానీ, ఏటా ముడుచుకుని మళ్ళీ ఉబ్బే ఈ నేలలో నాకు రెసిన్ మీదే నమ్మకం. టేపు చుట్టి పూడ్చమనే సలహా మాత్రం దయచేసి వద్దు. సిరొంచలో కిట్టు దొరకలేదు, శనివారం ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల వెళ్ళి తెస్తాను. రెండు కిట్లు తేవాలి, 314 దగ్గర కూడా కోయక తప్పేలా లేదు. ఆదివారం వేపచెట్టు కింద వేరు తెగకుండా చేత్తోనే తవ్వుతాం. కేబుల్ తిరిగి పూడ్చేటప్పుడు అరటి పాదుల దగ్గర మూడు మీటర్లు, మలుపు దగ్గర రెండు మీటర్లు పైపులో వేసి చుట్టూ ఇసుక పోస్తాను. ఉతుకు నీళ్ళ కాలువను కూడా అటు కొబ్బరి వైపు మళ్ళించాలి, మా ఆవిడ అప్పుడే సున్నంతో గీత గీసి పెట్టింది.