కొత్త టీవీలో సినిమా సీరియల్‌లా కనిపిస్తుంటే

విజయవాడలో మా ఇంటికి వచ్చిన 55 అంగుళాల టీవీని గోడకి బిగించిన కుర్రాడు Vivid మోడ్‌లోనే వదిలేసి వెళ్లాడు. సినిమా పెడితే అంతా నూనె మీద జారుతున్నట్టు నడుస్తోంది. కెమెరా పక్కకి తిరిగినప్పుడు మనిషి తల చుట్టూ గాజుపొరలాంటి మసక. ఆ మసకని గుర్తుపెట్టుకుంటే ఈ జారుడుని ఏ టీవీలోనైనా పట్టేయొచ్చు.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. వాటి మధ్య టీవీ తనే ఊహించి కొత్త ఫ్రేములు కుట్టేస్తుంది. ఊహ తప్పిన చోటే ఆ మసక. దీన్ని ఆపే మీట పేరు ఒక్కో కంపెనీకి ఒక్కోటి: ఎల్‌జీలో TruMotion, శాంసంగ్‌లో Picture Clarity, సోనీలో Motionflow. Picture మెనూ లోపలికి వెళ్లి వెతికితే దొరుకుతుంది.

నేను సెట్‌టాప్ బాక్స్ చూస్తూ Off చేశాను. రాత్రి నెట్‌ఫ్లిక్స్ పెడితే మళ్లీ అదే జారుడు! టీవీ పాడైందేమో అనుకున్నాను గానీ, సెట్టింగు దాచుకునే పద్ధతే అంత. ఒక్కో HDMIకి, లోపలి యాప్‌లకి వేర్వేరుగా ఉంటుంది. పైగా మామూలు వీడియోకి ఒకటి, వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే HDRకి ఒకటి, అలాంటిదే అయిన డాల్బీ విజన్‌కి ఇంకొకటి. అందుకని ఆ రకం సినిమా తెర మీద ఆడుతుండగానే మెనూ తెరిచి మార్చాలి. నాకు మూడుసార్లు పట్టింది.

మోడ్‌గా Filmmaker ఎంచుకున్నాను, అది లేని టీవీలో Cinema చాలు. "పసుపు నీళ్లలో ముంచినట్టుందిరా" అన్నారు నాన్న. Vividలో తెలుపు నీలం వైపు ఉంటుంది, కళ్లు దానికే అలవాటు పడ్డాయి. రెండు మూడు రోజులు ఓపిక పడితే పాతదే వింతగా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండకి హాలంతా వెలుగైపోతే మోడ్ మార్చకుండా బ్యాక్‌లైట్ ఒక్కటే పెంచాను. పవర్ సేవింగ్ ఆన్‌లో ఉంటే బొమ్మ ఎలాగూ మసకే, దాన్నీ ఆపాలి.

Off చేశాక నెమ్మదిగా సాగే షాట్లలో కాస్త కుదుపు కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ వేసే తెర మీద 24 సమంగా పంచబడదు కాబట్టి ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతది రెండుసార్లు పడుతుంది. 120 హెర్ట్జ్‌లో ప్రతిదీ అయిదుసార్లు పడొచ్చు, ఆ ఎగుడుదిగుడు ఉండదు.

మా తమ్ముడి పీఎస్5 సంగతి వేరే. మధ్య ఫ్రేము లెక్కగట్టాలంటే టీవీ తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాలి, అందుకే బటన్ నొక్కాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. Game మోడ్ ఆ పనులు చాలావరకు పక్కన పెట్టేస్తుంది. కన్సోల్‌లో, గేమ్ ఆడుతున్నట్టు టీవీకి కబురు పంపే ALLM అనే సెట్టింగు ఆన్‌లో ఉండి టీవీ కూడా దాన్ని అర్థం చేసుకుంటే మోడ్ తనంతట తానే మారుతుంది, లేకపోతే ఆ HDMIకి చేత్తో పెట్టాలి.

క్రికెట్ మాత్రం నాన్నకి జారుడుగానే నచ్చింది. సెట్‌టాప్ బాక్స్ ఉన్న HDMIకి తక్కువ స్థాయిలో మళ్లీ ఆన్ చేసి వదిలేశాను.