కట్ట అంటే ఎంత? తిరుపతి రైతు బజారుకి మా పిల్లల ప్రయాణం

మాది చంద్రగిరి పక్కన ఒక పల్లె, ప్రైమరీ స్కూల్లో నాలుగు, ఐదు తరగతులకి నేనే లెక్కలు చెప్తాను. ఈసారి పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోయి వాళ్ళ చేతే లెక్కపెట్టించి రాయించాలని చాన్నాళ్ళుగా అనుకుంటా ఉన్నాను. ఫస్ట్ దామలచెరువు మామిడికాయల మండీ అనుకున్నాను, జూన్‌లో తోతాపురి కాయ దిగే టైంలో అయితే చూసేదానికి భలే ఉంటుంది, కానీ అక్కడ లారీలు ట్రాక్టర్లు వెనక్కీ ముందుకీ తిరుగుతా ఉంటాయి, కాయలేమో కుప్పల్లో ఉంటాయి, కుప్పని తొమ్మిదేళ్ళ బిడ్డ ఏమని లెక్కపెడతాడు? అందుకే కార్తీకమాసం చివర్లో వానలు తగ్గినాక తిరుపతి రైతు బజారు ఫిక్స్ చేసుకున్నాం. వరసగా అంగళ్ళు, ప్రతి అంగడికీ కాటా, ముందర ఆ రోజు రేట్ల బోర్డు, ఇంతకంటే ఏం కావాలి.

పిల్లల్ని తీసుకుపోయే ముందు ఆదివారం నేనొక్కదాన్నే పోయినాను, ఇంట్లో కూర్చుని తయారుచేసిన వర్క్‌షీట్ చేతిలో పట్టుకుని. ఇది చేయకుండా ఉండుంటే మొత్తం ట్రిప్ వేస్ట్ అయ్యేది, నిజంగా. నా షీట్‌లో మొదటి ప్రశ్న "మార్కెట్లో ఎన్ని అంగళ్ళు ఉన్నాయి?" అని. ఒక వరస లెక్కపెడితే 21 వచ్చింది, వెనక్కి తిరిగి వస్తా లెక్కపెడితే 18. ఏంది అని చూస్తే, ఒక చోట ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఒకే పట్టా మీద కూర్చుని అమ్ముతా ఉన్నారు, ఒకసారి ఇద్దరినీ వేరేగా లెక్కపెట్టినాను, ఇంకోసారి కలిపి. ఖాళీగా ఉండే రెండు అరుగులు కూడా పోయేటప్పుడు లెక్కలోకి వచ్చేసినాయి. నేనే ఇట్ల చేస్తే 28 మంది పిల్లలు 28 లెక్కలు తెస్తారు కదా. అప్పుడు అక్కడే నిలబడి షీట్ మీద పెన్సిల్‌తో రాసుకున్నాను: కాటా ఒకటి ఉంటే అంగడి ఒకటి, ఎంతమంది మనుషులు ఉన్నా సరే, కాటా లేకపోతే లెక్కలోకి రాదు. ఆ రూల్ పెట్టి మళ్ళీ రెండు పక్కల నుంచీ లెక్కపెట్టినాను, రెండుసార్లూ 18.

ఆ రోజు ఇంకొకటి కూడా అర్థమైంది. "ఎంతమంది జనం వచ్చినారు" అనేది కదిలే లెక్క, బజారంతా తిరుగుతా లెక్కపెడితే ఒకే మనిషి నాలుగుసార్లు పడతాడు. అందుకే దాన్ని మార్చి, ఒక అంగడి ఎదురుగా నిలబడి పది నిమిషాల్లో ఆగినవాళ్ళు ఎంతమంది, కొన్నవాళ్ళు ఎంతమంది అని రెండు గళ్ళు పెట్టినాను. టెక్స్ట్‌బుక్‌లో గణన చిహ్నాలు అని ఉంటాయి కదా, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత, అవి వేసేదానికి గడి పెద్దగా ఉండాలి, మొదట నేను పెట్టిన గడిలో అంకె ఒకటే పట్టేది.

శుక్రవారం పొద్దున ఏడున్నరకి బయల్దేరినాం, ఒక ఆర్టీసీ బస్సులో 28 మంది పిల్లలు, మేము ముగ్గురు టీచర్లం. దారిపొడవునా ఎడమపక్క కొండలు మంచులో సగం మునిగి ఉన్నాయి, పిల్లలు గోవింద గోవింద అంటా ఉన్నారు, వాళ్ళకి తిరుపతి అంటే అదే కదా. నలుగురికి ఒక గ్రూపు, ఏడు గ్రూపులు. ప్రతి గ్రూపుకీ పరీక్ష అట్ట ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్సిల్ ఒకటి. పెన్ ఇవ్వలేదు, నిలబడి అట్టని పైకెత్తి రాస్తే ఇంకు దిగదు, చేతి చెమటకి కాగితం మీద అలుక్కుపోతుంది కూడా. నలుగురిలో ఒకరు చూసి గట్టిగా చెప్పాలి, ఒకరు గీత పెట్టాలి, ఒకరు అంగడాయన్ని అడగాలి, ఒకరు వాచీ చూడాలి. చూసేవాడే రాస్తే, తల దించి రాసేలోపల ఇద్దరు మనుషులు దాటిపోతారు.

పోయిన వెంటనే బోర్డు దగ్గరికి పోయినాం. అక్కడ రేట్లు రాసుకునే గడిలో మూడు కాలమ్‌లు: పేరు, ఏ లెక్కన అమ్ముతారు (కిలో, కట్ట, కాయ), రేటు. మధ్య కాలమ్ లేకపోతే సొరకాయ పక్కన 20, టమోటా పక్కన 20 రాసి "రెండూ ఒకే రేటు మేడం" అంటారు, సొరకాయ కాయ లెక్క, టమోటా కిలో లెక్క అని గుర్తుండదు.

అయితే నేను అస్సలు ఊహించంది ఒకటి ఇక్కడే జరిగింది. బోర్డు మీద ఉల్లిపాయలు, బంగాళదుంప, వెల్లుల్లి అని ఉంది. మా పిల్లలకి అవి ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, తెల్లగడ్డలు. మూడో గ్రూపు బోర్డు చూసి ఉల్లిపాయలు అని ఒక వరస రాసింది, లోపలికి పోయి అంగట్లో చూసి ఎర్రగడ్డలు అని ఇంకో వరస రాసింది, వాళ్ళ షీట్‌లో కూరగాయలు 19 రకాలు. పక్క గ్రూపులో 16. ఆ మూడు ఏంది అని వెతికితే ఇవే మూడు. బిడ్డల తప్పు ఏం లేదు, నా షీట్‌లో "మన ఊరి పేరు, బోర్డు పేరు" అని రెండు కాలమ్‌లు ఉండాల్సింది. అక్కడే కాగితం అంచున గీత గీయించి రాయించినాను, అప్పుడు అందరికీ 16 వచ్చింది. మన ఇళ్ళల్లో మాట్లాడే పేరు కొట్టేయమని మాత్రం నేను చెప్పలేదు, చెప్పను కూడా, రెండూ పక్కపక్కన ఉండాలి అంతే.

పది నిమిషాల లెక్క బాగానే జరిగింది. తొమ్మిదీ పదికి మొదలుపెట్టి తొమ్మిదీ ఇరవైకి ఆపినారు, టమోటా అంగడి దగ్గర 23 మంది ఆగినారు, 9 మంది కొన్నారు.

అసలు విషయం ఆకుకూరల దగ్గర. ముందుగానే ఒక అక్కని అడిగి పెట్టుకున్నాను, పిల్లలు ఐదు కట్టలు కాటా మీద పెట్టి చూసుకుంటారు అని, పాపం సరే అనింది. తోటకూర కట్ట పది రూపాయలు. "కట్ట అంటే ఎంత?" అని షీట్‌లో ప్రశ్న, పక్కన ముందుగా అంచనా రాసేదానికి ఒక గడి. అంచనా గడి కాటా ముట్టుకోకముందే నింపాలి, లేకపోతే కాటా చూసి అదే అంకెని అంచనాగా రాసేస్తారు, నాకు తెలుసు. చాలామంది అరకిలో అని రాసినారు. మొదటి గ్రూపు ఒక్కొక్క కట్ట పెట్టింది: 190, 240, 210, 170, 240 గ్రాములు. మొత్తం 1050. అంటే యాభై రూపాయలకి 1050 గ్రాములు, సగటున కట్ట 210. ఐదో తరగతి పాప ఒకామె వేళ్ళ మీద లెక్కేసి "కిలో యాభై కంటే కొంచెం తక్కువ మేడం" అనింది, కరెక్టుగా చేస్తే నలభై ఏడున్నర పైన వస్తుంది. ఇంకొక అబ్బోడు "170 కట్టకీ పదే, 240 కట్టకీ పదే, మా అమ్మకి చెప్పాల" అన్నాడు. అక్క నవ్వి "నాయనా, పొద్దున్నే నాలుగు గంటలకి చీకట్లో పిడికిలి కొలతతో కడతాము, కాటా పెట్టి కడతామా" అనింది. ఆ మాట కూడా రాసుకోమన్నాను, పిడికిలి కొలత అనేదే ఆ తేడాకి కారణం కదా.

తర్వాత ఆరో గ్రూపు అదే అంగట్లో ఐదు కట్టలు పెడితే 215, 260, 230, 205, 250, మొత్తం 1160. నూటపది గ్రాములు ఎక్కువ. మొదటి గ్రూపు వాళ్ళు "మీరు తప్పు చూసినారు" అని గొడవ. నేను ఏం చెప్పకుండా షీట్ చివర్లో ఉండే గీత చూపించినాను, "లెక్కపెట్టేటప్పుడు ఏమైనా జరిగిందా?" అని అక్కడ ఉంటుంది. ఆరో గ్రూపు దాంట్లో ఒక పాప రాసింది: అక్క నీళ్ళు చల్లింది. అంతే, అందరూ ఆ గీత చుట్టూ గుంపైనారు. అక్కనే అడిగి 210 గ్రాముల పొడి కట్ట ఒకటి తీసుకుని, మామూలుగా చల్లినట్టు నీళ్ళు చల్లి, ఒకసారి విదిలించి మళ్ళీ కాటా మీద పెడితే 225 వచ్చింది. కట్టకి పదిహేను, ఐదు కట్టలకి డెబ్బై ఐదు. మరి మిగతా ముప్పై ఐదు గ్రాములు? ఇది అడిగింది నేను కాదు, నాలుగో తరగతి బిడ్డ. కట్టలే వేరు కదా, అవి కొంచెం లావుగా ఉండొచ్చు అని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. అది నిజమో కాదో తేల్చాలంటే అవే ఐదు కట్టల్ని చల్లకముందు, చల్లినాక రెండుసార్లు తూయాల్సింది, కానీ అప్పటికే రెండు కట్టలు ఎవరో కొనుక్కుని పోయినారు.

పదకొండున్నరకి బస్సు ఎక్కినాం. సోమవారం క్లాసులో షీట్లన్నీ నేల మీద పరిచి చార్ట్ వేసేటప్పుడు ఇంకో ఇబ్బంది బయటపడింది, బీరకాయల గడి కొన్ని షీట్లలో ఖాళీగా ఉంది. బీరకాయలు లేవా, లేకపోతే ఆ అంగడి దగ్గరికి వీళ్ళు పోలేదా? అడిగితే రెండు గ్రూపులకి గుర్తే లేదు. లేకుంటే సున్నా రాయాలి, చూడకపోతే అడ్డగీత పెట్టాలి, ఖాళీగా మాత్రం వదలకూడదు అని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఆ రెండు గ్రూపుల బీరకాయల లెక్క చార్ట్‌లోకి తీసుకోలేదు, ఊహించి నింపుదామని ఒకడు అన్నాడు గానీ మిగతా పిల్లలే ఒప్పుకోలేదు.

సంక్రాంతి సెలవులు అయినాక మళ్ళీ పోతాం, అదే వరస, అదే శుక్రవారం, అదే తొమ్మిదీ పది. కొత్త షీట్ రాసి పెట్టుకున్నాను, మన ఊరి పేరుకి ఒక కాలమ్, సున్నా అడ్డగీత రూల్ పైన పెద్ద అక్షరాల్లో, తోటకూర గడి పక్కన "నీళ్ళు చల్లకముందా, చల్లినాకా?" అని. ఈసారి అక్క దగ్గర ఆ ఐదు కట్టలకి డబ్బులు ముందే ఇచ్చేసి పక్కన పెట్టించుకుంటాం, పిల్లలు అప్పుడే తలా రెండు రూపాయలు పోగు చేస్తా ఉన్నారు.