పెండింగ్‌లో పడిన రూ.18,400: మళ్లీ కట్టమన్నా నేనెందుకు కట్టలేదంటే

నిన్న విజయవాడ వన్‌టౌన్‌లో మొదలైన గొడవ ఈ రోజు ఉదయం తేలింది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గితే వివరాలు కూడా మరిచిపోతానని ఇప్పుడే రాస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. పెళ్లిళ్ల ముందు జాకెట్ల లైనింగు, చీరల ఫాల్స్, అంచులు కొనడానికి విజయవాడ వెళ్లడం ఏళ్లుగా అలవాటు. నిన్న కొత్త దుకాణానికి వెళ్లాను. సరుకు బాగుంది, ధర కుదిరింది, బిల్లు రూ.18,400 అయింది. గల్లా దగ్గరున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టాను. తెర మీద పసుపు రంగు గుర్తు వచ్చి ‘పెండింగ్’ అని నిలబడిపోయింది. అదే నిమిషంలో నా బ్యాంకు నుంచి సందేశం వచ్చింది: రూ.18,400 తగ్గింది, దాని కింద పన్నెండు అంకెల సంఖ్య. దుకాణంలోని స్పీకరు పెట్టె మాత్రం ఏమీ పలకలేదు.

“డబ్బు రాలేదమ్మా, మళ్లీ కొట్టండి” అన్నాడు యజమాని.

నా ఖాతాలో డబ్బు తగ్గిందని సందేశం చూపించాను. ఆయన చూడను కూడా లేదు. “అది దానంతట అదే మీకు వెనక్కి వచ్చేస్తుంది. ముందు మాకు కట్టండి, వెనక జనం ఆగారు” అన్నాడు. నిజంగానే వెనక అయిదారుగురు ఉన్నారు. అందరూ నన్నే చూస్తున్నారు.

ఆ ఒత్తిడిలోనే చాలామంది రెండోసారి కట్టేస్తారు. నేను కట్టలేదు. యూపీఐలో డబ్బు ఎలా నడుస్తుందో నాకు తెలుసు. మా షాపులోనూ రోజూ అదే వాడతాం. మనం పిన్ కొట్టగానే యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వ్యవస్థ ముందుగా మన బ్యాంకును డబ్బు తగ్గించమంటుంది. అక్కడ తగ్గాక అవతలి బ్యాంకును జమ చేయమంటుంది. జమ అయిందో లేదో ఆ బ్యాంకు తిరిగి చెప్పాలి. నిర్ణీత సమయంలో ఆ జవాబు రాకపోతే మన డబ్బు తగ్గి ఉంటుంది, యాప్ మాత్రం అయిందనీ చెప్పలేదు, కాలేదనీ చెప్పలేదు. అదే పెండింగ్. అది చివరికి అవతల జమ కావచ్చు, మన ఖాతాకు తిరిగి రావచ్చు. ఏది జరుగుతుందో ఆ క్షణంలో దుకాణదారుకు తెలియదు, నాకూ తెలియదు. ‘దానంతట అదే వెనక్కి వస్తుంది’ అని ఆయన అంత ధీమాగా చెప్పడానికి ఆధారమే లేదు. పైగా రెండోసారి స్కాన్ చేస్తే అది వేరే చెల్లింపు, దాని సంఖ్య వేరు. రెండోది వెళ్లింది కదా అని మొదటిది రద్దు కాదు. రెండూ జమ అయితే అదనపు సొమ్మును దుకాణదారే తిరిగి పంపాలి. నాతో అలా మాట్లాడిన మనిషి చుట్టూ డబ్బు కోసం తిరగడం నా వల్ల కాదు.

“మీకు వచ్చిందో రాలేదో ముందు చూడండి” అన్నాను. ఆయన స్పీకరు పెట్టె వైపు వేలు చూపించాడు. ఆ పెట్టె తన సొంత సిమ్ కార్డు మీద నడిచే పరికరం. సిగ్నల్ పోయినా, చార్జింగ్ అయిపోయినా డబ్బు వచ్చింది కూడా పలకదు. ఆ మాటే చెప్పాను. అప్పుడాయన తన బ్యాంకు సందేశాలు తీసి చూపించాడు. ఆ క్యూఆర్ కోడ్ ఒక చెల్లింపుల కంపెనీ ఇచ్చింది. అలాంటి కోడ్‌లలో చాలావాటికి వచ్చిన సొమ్మంతా కలిపి తర్వాత ఒకే మొత్తంగా దుకాణదారు బ్యాంకు ఖాతాకు చేరుతుంది. నా రూ.18,400 విడిగా ఆయన బ్యాంకు సందేశాల్లో కనబడదు. చూడవలసింది ఆ కంపెనీ ఇచ్చిన వ్యాపారుల యాప్‌లో.

ఆ యాప్ ఆయన కొడుకు ఫోనులో ఉంది. అబ్బాయి మర్యాదస్తుడు, వెంటనే తెరిచాడు. నా తెర మీదున్న పొడవాటి సంఖ్య చూసి కొట్టి “లేదు మేడమ్” అన్నాడు. అది నా యాప్ తన లెక్క కోసం పెట్టుకున్న సంఖ్య, అక్షరాలతో మొదలవుతుంది. దాంతో అవతలివారికి పని లేదు. రెండు బ్యాంకులకూ, వ్యాపారుల యాప్‌కూ తెలిసేది పన్నెండు అంకెల యూటీఆర్. కొన్ని యాప్‌లు దాన్నే యూపీఐ రెఫరెన్స్ నంబరు అంటాయి. బ్యాంకు సందేశంలో వచ్చేదీ అదే. ఆ సంఖ్య చదివి వినిపించి వెతకమన్నాను. అదీ లేదు. పేరుతోనో, మొత్తంతోనో వెతికితే నాకు నమ్మకం ఉండేది కాదు. రద్దీ దుకాణంలో ఒకే మొత్తం ఇద్దరు కట్టడం కొత్త కాదు. యూటీఆర్‌తో వెతికితే లేదు కాబట్టి ఆ సమయానికి వాళ్లకు అందలేదన్న మాట నిజమేనని నేనే ఒప్పుకున్నాను.

ఇక్కడితో గొడవ ఆగాలి. ఆగలేదు. “ఇలాంటివి రోజూ చూస్తున్నాం. ఫోటోలు చూపించి సరుకు పట్టుకుపోతుంటారు” అన్నాడు యజమాని, అందరూ వినేలా. నా వయసుకు, నా వ్యాపారానికి ఆ మాట పడవలసిన అవసరం లేదు. ముఖం వేడెక్కింది, చేతులు వణికాయి. నకిలీ యాప్‌లతో దుకాణదారులను మోసం చేసేవాళ్లు ఉన్నారన్నది నిజమే. మా షాపులో నేనూ తెర చూసి నమ్మను. కానీ జాగ్రత్త పడటం వేరు, పదిమందిలో దొంగను చేసి మాట్లాడటం వేరు.

“సరుకు తీసుకెళతానని నేను అనలేదండీ. సరుకు మీ దగ్గరే ఉంచండి. డబ్బు మీకు చేరితే ఇవ్వండి, నాకు తిరిగి వస్తే అప్పుడు కడతాను. బిల్లు మీద ఆ పన్నెండు అంకెలూ రాసి సంతకం పెట్టండి” అన్నాను. వెనకనున్న ఒక పెద్దాయన “ఆమె చెప్పింది న్యాయంగానే ఉంది కదా” అన్నాడు. యజమాని సంతకం పెట్టలేదు. కొడుకు పెట్టాడు. గుమాస్తా మూట కట్టి నా పేరు రాసి పక్కన పెట్టాడు. ఈ పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. సరుకు ఆగితే నష్టమయ్యే చోట, ఆస్పత్రిలో మందుల వంటివైతే, రెండోసారి నగదు ఇచ్చేయండి. అయితే ‘ఈ యూటీఆర్ సొమ్ము జమ అయితే తిరిగి ఇస్తాం’ అని బిల్లు మీద ముద్రతో రాయించుకోండి. రాయనివాళ్ల దగ్గర రెండోసారి కట్టకండి.

బస్సెక్కే ముందు దారిలో ఉన్న నా బ్యాంకు శాఖకు వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన తలెత్తకుండానే “యాప్‌వాళ్లను అడగండి” అన్నాడు. డబ్బు తగ్గించింది యాప్ కాదు, ఆయన బ్యాంకే. ఖాతా లెక్క అచ్చు వేసి ఇవ్వండి చాలు అని నిలబడితే విసుక్కుంటూ ఇచ్చాడు. ఆ కాగితంలో అదే పన్నెండు అంకెలతో ఖర్చు వరుస ఉంది, తిరిగి జమ అయిన వరుస లేదు. చెల్లింపు విఫలమై డబ్బు వెనక్కి వస్తే మామూలుగా అదే సంఖ్యతో విడిగా ఒక జమ వరుస కనబడుతుంది. నిల్వ మొత్తం చూసి ‘వచ్చినట్టుంది’ అనుకోవద్దు. మధ్యలో వేరే డబ్బు పడితే పొరబడతాం. వరుసే చూడాలి.

బస్సులో కూర్చుని యాప్‌లో ఆ చెల్లింపునే తెరిచి అందులోని సహాయం మీట నొక్కి ఫిర్యాదు పెట్టాను. ఫిర్యాదు ఆ చెల్లింపు లోపలి నుంచే పెట్టాలి, అప్పుడే యూటీఆర్ దానికి జతవుతుంది. అంతర్జాలంలో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు, అక్కడ మోసగాళ్ల నంబర్లు ఉంటాయి. ‘మీ డబ్బు తిరిగి పంపుతాం, పిన్ కొట్టండి’ అని ఎవరైనా అంటే ఫోను పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. యాప్‌ను మాటిమాటికీ తెరిచి చూసినా లాభం లేదు. 2025 ఆగస్టు నుంచి ఎన్‌పీసీఐ నిబంధనల ప్రకారం ఒక చెల్లింపు స్థితిని మూడుసార్లే అడగవచ్చు, మధ్యలో కనీసం 90 సెకన్ల విరామం ఉండాలి. అప్పటికీ తేలకపోతే బ్యాంకులు లెక్కలు సరిచూసుకునే దాకా ఆగాలి.

ఈ ఉదయం లేచి చూస్తే పసుపు పోయి పచ్చ గుర్తు వచ్చింది, విజయవంతం అని. ఒక్క దాన్నే నమ్మకుండా అబ్బాయికి ఫోను చేసి అదే సంఖ్య వెతకమన్నాను. “వచ్చింది మేడమ్, నిన్నటి లెక్కలోనే ఉంది” అన్నాడు. నా వైపు విజయవంతం, ఆయన వైపు అదే యూటీఆర్‌తో జమ. రెండూ కలిసినప్పుడే అది తేలినట్టు. నిన్న మాట విని మళ్లీ కట్టి ఉంటే ఈ రోజు వాళ్ల దగ్గర నా డబ్బు రూ.36,800 ఉండేది. మూటను బస్సు పార్సిల్‌లో వేయించాడు, మధ్యాహ్నానికి అందింది. తండ్రి తరఫున క్షమించమని కూడా అన్నాడు. తండ్రి మాత్రం ఫోను తీసుకోలేదు.

డబ్బు అటూ చేరక ఇటూ రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశంలో గడువులున్నాయి. మనిషి నుంచి మనిషికి పంపినది జమ కాకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. వ్యాపారికి కట్టిన దానికి నిర్ధారణ అందకపోతే అయిదు రోజుల్లోగా రావాలి. అది దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి, మనం అడగకపోయినా ఇవ్వాలి. ఇవ్వకపోతే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నకలు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు. నిన్న కౌంటరులో అచ్చు వేయించుకున్న కాగితం, సంతకం పెట్టిన బిల్లు అందుకోసమే ఫైలులో ఉంచాను.